పీఎస్5 ఆటలను క్యాప్చర్ కార్డుతో రికార్డు చేయడానికి మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా?

ప్రశ్న: "నా దగ్గర ఐ5-8250యూ ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పీఎస్5 ఆటలను క్యాప్చర్ కార్డుతో 1080పీ, 60 ఫ్రేములలో రికార్డు చేసి, అప్పుడప్పుడు యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలనుకుంటున్నాను. ఇది సరిపోతుందా, లేక గేమింగ్ పీసీ కొనాల్సిందేనా?"

సరిపోతుంది. గేమింగ్ పీసీ కొనవద్దు. అయితే మూడు షరతులు ఉన్నాయి. పీఎస్5 బొమ్మను ల్యాప్‌టాప్‌కు అందించే క్యాప్చర్ కార్డు యూఎస్‌బీ 3.0 రకానిదై ఉండాలి, దానిని ల్యాప్‌టాప్‌లో నిజమైన యూఎస్‌బీ 3.0 పోర్టుకే తగిలించాలి. రికార్డింగుకూ లైవ్‌కూ వాడే ఓబీఎస్ అనే ప్రోగ్రాములో, వీడియోను కుదించే ఎన్‌కోడరుగా x264ను కాక మీ ప్రాసెసరులోనే ఉన్న క్విక్ సింక్‌ను ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్ గంటసేపు ఆగకుండా పని చేసినా వేడెక్కి నెమ్మదించకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా, మిగిలినవి ఎంత బాగున్నా వీడియో తడబడుతుంది.

చాలామందికి ఎదురయ్యే సందేహం ఇక్కడే పుడుతుంది. ఆట ఆడే కంప్యూటరుకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలి కాబట్టి, ఆటను రికార్డు చేసే కంప్యూటరుకు కూడా అదే కావాలని అనుకుంటాము. కానీ కన్సోల్ విషయంలో ఆటను లెక్కగట్టి బొమ్మగా గీసే పని మొత్తం పీఎస్5 లోపలే జరిగిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌కు చేరేది పూర్తయిన బొమ్మ మాత్రమే. ఆ బొమ్మను తీసుకోవడం, దాని మీద మీ కెమెరా దృశ్యమో పేరో అమర్చడం, తరువాత దానిని కుదించి ఫైలుగా రాయడం, ఇంతే ల్యాప్‌టాప్ చేయవలసిన పని. ఈ మూడు పనులను ల్యాప్‌టాప్‌లో మూడు వేర్వేరు భాగాలు చేస్తాయి. అందుకే "ప్రాసెసరు ఎంత వేగంగా ఉంది" అని ఒక్క మాటలో అడిగితే సరైన జవాబు దొరకదు.

మొదట బొమ్మ లోపలికి వచ్చే దారి. 1080పీ బొమ్మ ఒక్కదానిలో సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. ఓబీఎస్‌లో NV12 అని కనిపించే పద్ధతిలో ఒక్కో చుక్కకు సగటున ఒకటిన్నర బైట్లు పడతాయి. సెకనుకు 60 బొమ్మలంటే దాదాపు 187 ఎంబీ అవుతుంది. YUY2 అనే పద్ధతిలో చుక్కకు రెండు బైట్లు కాబట్టి అది 249 ఎంబీ దాకా వెళ్తుంది. యూఎస్‌బీ 2.0 దారి కాగితం మీద సెకనుకు 60 ఎంబీ, వాడుకలో అంతకంటే బాగా తక్కువ. అంటే 60 ఫ్రేముల బొమ్మ ఆ దారిలో ఉన్నదున్నట్టుగా పట్టనే పట్టదు. యూఎస్‌బీ 3.0 దారిలో మాత్రం రెండు పద్ధతులూ ఇబ్బంది లేకుండా పడతాయి.

మరి చవక యూఎస్‌బీ 2.0 కార్డులు ఎలా పని చేస్తున్నాయని మీరు అడగవచ్చు. అవి కార్డు లోపలే ప్రతి బొమ్మనూ MJPEG పద్ధతిలో గట్టిగా నొక్కి పంపుతాయి. దానివల్ల రెండు నష్టాలు ఉన్నాయి. మొదటిది, ఎర్రని అక్షరాల అంచులు, పొగ, గడ్డి వంటి చోట్ల బొమ్మ ముందే చెడిపోతుంది, తరువాత మీరు ఎంత మంచి నాణ్యతతో రికార్డు చేసినా అది తిరిగి రాదు. రెండవది, ఆ నొక్కిన బొమ్మను మళ్ళీ విప్పే పని మీ ప్రాసెసరు మీద పడుతుంది. చిన్న కంప్యూటరుకు బరువు తగ్గించాల్సిన కార్డు అదనపు బరువు పెడుతుందన్నమాట. పైగా వాటిలో చాలావాటి పెట్టె మీద "4కే" అని పెద్దగా రాసి ఉంటుంది. ఆ మాటకు అర్థం 4కే సంకేతాన్ని అవి స్వీకరించగలవని మాత్రమే. కంప్యూటరుకు అందించేది 1080పీ, అదీ తరచుగా 30 ఫ్రేములే. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీద 4కే అన్న మాటను పక్కన పెట్టి, "క్యాప్చర్ 1080పీ 60, యూఎస్‌బీ 3.0" అని రెండూ స్పష్టంగా రాసి ఉన్నాయా అన్నది మాత్రమే చూడండి.

కార్డు మంచిదే అయినా దానిని తప్పు పోర్టులో పెట్టడం నేను తరచుగా చూసే పొరపాటు. అనేక ల్యాప్‌టాప్‌లలో ఒక వైపు ఉన్న పోర్టు 3.0, మరొక వైపు ఉన్నది 2.0. లోపల నీలం రంగు నాలుక ఉండడం గాని, పక్కన SS అన్న గుర్తు ఉండడం గాని 3.0కు ఆనవాలు, అయితే నీలం రంగు లేని 3.0 పోర్టులూ ఉన్నాయి. అనుమానం తీర్చుకోవడానికి ఓబీఎస్‌లోనే దారి ఉంది. `Video Capture Device` లక్షణాలు తెరిచి, `Resolution/FPS Type`ను `Custom` చేసి, 1920x1080 ఎంచుకుని, `Video Format` జాబితా చూడండి. 60 ఫ్రేముల వద్ద NV12 గాని YUY2 గాని కనిపిస్తే దారి సరైనదే. MJPEG ఒక్కటే కనిపించినా, YUY2 ఎంచుకోగానే వేగం 5 ఫ్రేములకు పడిపోయినా కార్డు 2.0 దారిలో ఉందని అర్థం. పోర్టు మార్చి మళ్ళీ చూడండి, కార్డుతో వచ్చిన కేబుల్‌నే వాడుతున్నారో లేదో కూడా చూడండి, ఎందుకంటే ఫోను ఛార్జింగుకు వాడే టైప్-సీ కేబుళ్ళలో అనేకం 2.0 తీగలే. రెండూ దొరికితే NV12నే ఎంచుకోండి. ఓబీఎస్ లోపల పని జరిగేది సాధారణంగా ఆ పద్ధతిలోనే, దారి మీద బరువూ నాలుగో వంతు తగ్గుతుంది.

ఒకే యూఎస్‌బీ హబ్‌లో క్యాప్చర్ కార్డు, కెమెరా, బయటి హార్డ్ డిస్కు కలిపి పెట్టవద్దు. హబ్ ఉన్న ఒక్క దారినే అందరికీ పంచుతుంది. కార్డు నేరుగా ల్యాప్‌టాప్‌కే ఉండాలి.

ఇక అసలు విషయం, ఎన్‌కోడరు. సెకనుకు 187 ఎంబీల బొమ్మను 2 లేదా 3 ఎంబీలకు కుదించడమే ఈ పనిలో అన్నిటికంటే బరువైనది. x264 ఎంచుకుంటే ఆ పని మొత్తాన్ని ప్రాసెసరులోని సాధారణ కోర్లు చేస్తాయి. మీ 15 వాట్ల ప్రాసెసరుకు 1080పీ 60 వద్ద అది శక్తికి మించిన పని. కానీ 2011లో వచ్చిన రెండవ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్ భాగం పక్కనే వీడియో కుదింపుకు మాత్రమే కేటాయించిన విభాగం ఒకటి ఉంటోంది. దాని పేరే క్విక్ సింక్. అది పని చేస్తున్నప్పుడు సాధారణ కోర్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. మీది ఎనిమిదవ తరం కాబట్టి మీకు బాగా మెరుగుపడిన క్విక్ సింక్ ఉంది. ఓబీఎస్‌లో `Settings`, `Output` లోకి వెళ్ళి, `Output Mode`ను `Advanced` చేస్తే ఎన్‌కోడర్ల జాబితాలో `QuickSync H.264` కనిపిస్తుంది. కనిపించకపోతే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరును కొత్తగా వేసుకోండి, తొంభై శాతం సందర్భాలలో కారణం అదేనని నా అనుభవం.

ఇదే ప్రశ్నతో వచ్చే ఇతరుల కోసం రెండు జాగ్రత్తలు చెప్పాలి. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనేవారు ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" అక్షరం ఉందేమో చూడాలి. ఐ5-9400ఎఫ్, ఐ3-10100ఎఫ్ వంటి వాటిలో గ్రాఫిక్స్ భాగం మూసివేసి ఉంటుంది, దానితోపాటు క్విక్ సింక్ కూడా పోతుంది. రెండవది, ల్యాప్‌టాప్ మీద ఎన్‌విడియా స్టిక్కరు ఉన్నంత మాత్రాన ఎన్‌విడియా వారి ఎన్‌కోడరు అయిన ఎన్‌వెంక్ ఉంటుందని అనుకోకూడదు. ఎంఎక్స్150, ఎంఎక్స్250, ఎంఎక్స్450 వంటి చిన్న చిప్‌లలోనూ, డెస్క్‌టాప్ జీటీ 1030లోనూ అది లేదు. అటువంటి ల్యాప్‌టాప్ ఉన్నవారు కూడా ఇంటెల్ వైపున ఉన్న క్విక్ సింక్‌నే వాడుకోవాలి.

నేను దగ్గరుండి సరిచేసిన ఒక సందర్భం మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉంది కాబట్టి వివరంగా చెబుతాను. మా బంధువుల అబ్బాయి దగ్గర ఇదే ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఒక మంచి యూఎస్‌బీ 3.0 కార్డు, పీఎస్5 ఉన్నాయి. "అన్నయ్యా, వీడియో ముక్కలు ముక్కలుగా వస్తోంది, కొత్త పీసీ కొనిపించమని నాన్నను అడగాలా?" అని ఫోను చేశాడు. నేను వెళ్ళి చూసేసరికి ఎన్‌కోడరు x264 మీద ఉంది, ప్రాసెసరు వాడకం నూరు శాతం తాకుతోంది.

ఇటువంటప్పుడు నేను మొదట తెరిచేది ఓబీఎస్‌లోని `Stats` కిటికీ. అందులో మూడు వరుసలు మూడు వేర్వేరు జబ్బులను చూపుతాయి, వాటిని కలిపి చూడకూడదు. `Skipped frames due to encoding lag` పెరుగుతూ ఉంటే కుదింపు పని వెనకబడుతోంది. `Frames missed due to rendering lag` పెరుగుతూ ఉంటే బొమ్మలను కలిపి అమర్చే గ్రాఫిక్స్ భాగం వెనకబడుతోంది. లైవ్ వరుసలో `Dropped Frames (Network)` పెరుగుతూ ఉంటే కంప్యూటరుకు జబ్బేమీ లేదు, ఇంటర్నెట్ అందుకోలేకపోతోంది. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో మొదటి వరుసలో అయిదింట ఒక ఫ్రేము చొప్పున పోతోంది. ఎన్‌కోడరును క్విక్ సింక్‌కు మార్చగానే ఆ అంకె ఆగిపోయింది, ప్రాసెసరు వాడకం పాతిక శాతం చుట్టూ స్థిరపడింది.

కానీ కథ అక్కడితో ముగియలేదు. ఇప్పుడు రెండవ వరుస మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ఓబీఎస్ వెనుక బ్రౌజరులో డజను ట్యాబులు తెరిచి ఉన్నాయి, తెర మీద కదిలే అలంకరణల కోసం రెండు `Browser` సోర్సులు ఉన్నాయి, ల్యాప్‌టాప్ తెర మీద ఓబీఎస్ ప్రివ్యూ పెద్దదిగా నడుస్తోంది. ఇవన్నీ ఆ చిన్న గ్రాఫిక్స్ భాగమే గీయాలి. కదిలే అలంకరణలను తీసి మామూలు బొమ్మలు పెట్టాము. ప్రివ్యూ మీద కుడి క్లిక్ చేసి `Enable Preview` తీసేశాము. బ్రౌజరు మూసేశాము. అంకె దాదాపు ఆగింది.

దానిలో మిగిలిన కొద్దిపాటి లోటుకు కారణం ర్యామ్ అమరికలో ఉంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ భాగం కూడా మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. 8 జీబీ ఒకే కర్రగా ఉంటే ర్యామ్‌కు ఒక్క దారే ఉంటుంది, రెండు కర్రలుగా ఉంటే రెండు దారులు ఉంటాయి. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఒక స్లాటు ఖాళీగా ఉంది. అందులో మరొక 8 జీబీ వేశాక రెండవ వరుస పూర్తిగా సున్నాకు వచ్చింది. మీరు ఈ ల్యాప్‌టాప్ మీద డబ్బు ఖర్చు పెట్టదలిస్తే, మొదటి ఖర్చు ఈ రెండవ ర్యామ్ కర్రే కావాలి. ముందుగా టాస్క్ మేనేజరులో `Memory` పేజీలో `Slots used` ఎంత చూపుతోందో చూడండి. 1 of 2 అని ఉంటే మీకు కూడా అవకాశం ఉన్నట్టే. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డు మీదనే అతికించి ఉంటుంది, అప్పుడు చేయగలిగిందేమీ లేదు, అలంకరణలు తగ్గించుకోవడమే దారి.

వారం తరువాత మళ్ళీ ఫోను వచ్చింది. మొదటి నలభై నిమిషాలు బాగానే ఉండి, ఆ తరువాత తడబడుతోందట. ఇలా సమయం గడిచాక మాత్రమే మొదలయ్యే తడబాటు దాదాపు ఎప్పుడూ వేడి వల్లనే వస్తుంది. ఆ ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడుతున్నాడు, గాలి వెళ్ళే జాలి కింద నొక్కుకుపోయింది, ఫ్యాను లోపల దుమ్ము పేరుకుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటే ప్రాసెసరూ గ్రాఫిక్స్ భాగమూ రెండూ నెమ్మదిస్తాయి. దుమ్ము దులిపించి, బల్ల మీద వెనుక భాగం కాస్త ఎత్తుగా పెట్టి, ఛార్జరు తగిలించి, విండోస్ పవర్ సెట్టింగును మెరుగైన పనితీరు వైపు మార్చాము. ఆ తరువాత రెండు గంటల ఆట కూడా ఒక్క ఫ్రేము పోకుండా రికార్డయింది. బ్యాటరీ మీద మాత్రం రికార్డింగు ఎప్పుడూ మొదలుపెట్టవద్దు.

డిస్కు గురించి అందరూ అవసరానికి మించి కంగారు పడతారు. 1080పీ 60 రికార్డింగుకు సెకనుకు 20 మెగాబిట్లు చక్కని నాణ్యత ఇస్తుంది. అంటే సెకనుకు రెండున్నర ఎంబీ, గంటకు 9 జీబీ. పాత హార్డ్ డిస్కు కూడా ఆ వేగాన్ని సులభంగా అందుకుంటుంది. మీ 256 జీబీలో చోటు చాలదన్నదే సమస్య, కాబట్టి పూర్తయిన ఫైళ్ళను బయటి డిస్కుకు తరలించుకోండి. రికార్డింగును MKV రూపంలోనే పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా ఓబీఎస్ ఆగిపోయినా అప్పటివరకు రాసిన భాగం దక్కుతుంది, మామూలు MP4 అయితే ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. తరువాత `File`, `Remux Recordings` ద్వారా కొన్ని క్షణాలలో MP4గా మార్చుకోవచ్చు.

లైవ్ విషయానికి వస్తే, మీ ల్యాప్‌టాప్‌కంటే మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ముఖ్యం. నేను మామూలు ఇళ్ళలో 720పీ 60 వద్ద 4500 కేబీపీఎస్‌తో మొదలుపెట్టమంటాను. అందుకు కనీసం 8 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. `Rate Control` దగ్గర `CBR`, కీఫ్రేము వ్యవధి 2 సెకన్లు పెట్టండి. లైవ్ ఇస్తూ అదే సమయంలో రికార్డు కూడా చేయాలంటే, రికార్డింగు పేజీలో ఎన్‌కోడరు దగ్గర `(Use stream encoder)` ఎంచుకోండి. అలా చేస్తే కుదింపు ఒక్కసారే జరిగి రెండు చోట్లకూ వెళ్తుంది. రెండు వేర్వేరు నాణ్యతలు కావాలని పట్టుబడితే పని రెట్టింపవుతుంది, చిన్న ల్యాప్‌టాప్ అక్కడే చతికిలబడుతుంది.

ఇక్కడ తక్కువమంది గమనించే విషయం ఒకటి ఉంది. యూఎస్‌బీ 3.0 పరికరాలు పని చేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద వెలువడుతుంది, అదే పరిధిలో నడిచే వైఫైని అది దెబ్బ తీస్తుంది. కార్డు తగిలించక ముందు బాగున్న వైఫై, తగిలించగానే కుంటుపడి, `Dropped Frames` పెరుగుతుంటే ఇంటర్నెట్ కంపెనీని నిందించే ముందు రౌటరును 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. లాన్ తీగ వేసుకోగలిగితే అంతకంటే మంచిది.

పీఎస్5 వైపున చేయవలసినవి కొద్దిగానే ఉన్నాయి, కానీ చేయకపోతే తెర నల్లగా మిగులుతుంది. `Settings`, `System`, `HDMI` లో `Enable HDCP` ఆపివేయండి. కాపీ రక్షణ సంకేతం ఉన్నంతవరకు క్యాప్చర్ కార్డు బొమ్మను ఇవ్వదు. అది ఆపి ఉన్నప్పుడు సినిమాల యాప్‌లు నడవవు, ఆట అయ్యాక తిరిగి ఆన్ చేసుకోండి. `Screen and Video`, `Video Output` లో హెచ్‌డీఆర్‌ను, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌ను ఆపండి, రిజల్యూషన్‌ను 1080పీగా పెట్టండి. చిన్న కార్డులు హెచ్‌డీఆర్ సంకేతాన్ని సరిగా అర్థం చేసుకోలేక రంగులను వెలిసిపోయినట్టు చూపుతాయి.

ఆటను మాత్రం ఓబీఎస్ తెరలో చూస్తూ ఆడవద్దు. బొమ్మ యూఎస్‌బీ మీదుగా వచ్చి తెర మీద కనిపించేసరికి బటను నొక్కడానికీ కదలికకూ మధ్య ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. టీవీకి నేరుగా బొమ్మ పంపే రెండవ హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న కార్డునే తీసుకుని టీవీలో చూస్తూ ఆడండి. ప్రివ్యూ ఆపివేయడానికి ఇబ్బంది లేకపోవడానికీ కారణం అదే.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మీ వీడియోలలో కెమెరా, పేరు, అలంకరణలు ఏవీ వద్దనుకుంటే, పీఎస్5 తనంతట తానే గంట వరకు ఆటను రికార్డు చేయగలదు, యూట్యూబ్‌కు నేరుగా లైవ్ కూడా ఇవ్వగలదు. ముందు కొన్ని రోజులు అలా చేసి, అది చాలదని మీకే అనిపించాక కార్డు కొనండి.

కార్డు కొనక ముందే ల్యాప్‌టాప్‌ను ఉచితంగా పరీక్షించుకునే పద్ధతి ఉంది. ఓబీఎస్ వేసుకుని, కాన్వాసును 1920x1080 గానూ, ఫ్రేములను 60 గానూ పెట్టండి. ఏదైనా 1080పీ 60 వీడియో ఫైలును `Media Source`గా తెచ్చి, `Loop` పెట్టి, మీ కెమెరానూ మీరు వాడదలచిన అలంకరణలనూ జతచేయండి. క్విక్ సింక్‌తో 20 మెగాబిట్ల వద్ద గంటసేపు రికార్డు చేస్తూ `Stats` కిటికీని తెరిచి ఉంచండి. ఈ పరీక్షలో యూఎస్‌బీ దారి లెక్కలోకి రాదు, మిగిలిన రెండు పనులూ వేడీ మాత్రం దాదాపు అసలు రికార్డింగులో ఉన్నట్టే ఉంటాయి. ఇరవయ్యవ నిమిషంలో ఒకసారి, గంట చివర ఒకసారి మొదటి రెండు వరుసల అంకెలను రాసి ఇక్కడ పెట్టండి, మీ ల్యాప్‌టాప్ పోర్టుల ఫోటో కూడా పెట్టండి. వాటిని చూసి కార్డు ఏ పోర్టుకు పెట్టాలో, రెండవ ర్యామ్ కర్ర అవసరమో కాదో చెబుతాను.